ఆ రిటర్న్ మెమో మీద తేదీలు కూడా రాయించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి నమస్కారం.

మాది గుంటూరు జిల్లాలో సిమెంటు, ఇనుము అమ్మే షాపు. చెక్కుల చట్టం మీ శాఖ కిందే ఉంది కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన సరుకు తీసుకుని, జూన్ 5 తేదీ వేసి 1,80,000 రూపాయల చెక్కు ఇచ్చారు. బ్యాంకులో వేస్తే 9న తిరిగొచ్చింది. చేతిలో పెట్టిన రిటర్న్ మెమో మీద ఉన్నది ఒకటే ముక్క, ఖాతాలో సరిపడా డబ్బు లేదని, అదీ ఇంగ్లీషులో. ఆయన్ని అడిగితే "వచ్చే వారం ఇస్తానన్నా" అన్నారు. జులై 2న 50,000 ఫోన్‌లో పంపారు కూడా. నమ్మాను. జులై 20న లాయరు గారి దగ్గరికి వెళ్తే మొదట అడిగింది మెమో ఏ రోజు అందిందని. చెక్కు తిరిగొచ్చినట్టు మనకి తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లోపు డబ్బు కట్టమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలట, అది ఎప్పుడో దాటిపోయింది. ఈ మాట ఆ మెమో మీద ఎక్కడా లేదు.

అదృష్టం కొద్దీ చెక్కుకి మూడు నెలల గడువు ఉంటుంది, ఆ లోపల మళ్లీ బ్యాంకులో వేయొచ్చు, మళ్లీ తిరిగొస్తే 30 రోజులు కొత్తగా మొదలవుతాయి. సరే వేసేద్దాం అంటే లాయరు గారు ఆపారు. 50,000 ముట్టిన తర్వాత, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి 1,80,000కి వేస్తే ఆ రోజుకి అంత బాకీ లేదు కదా, చెక్కుల చట్టం 138 సెక్షన్ కింద కేసు నిలబడదు, 2022లో సుప్రీంకోర్టు ఇదే చెప్పిందన్నారు. మాలాంటి షాపుల వాళ్లం కొంత తీసుకుని అదే చెక్కు పట్టుకుని కూర్చుంటాం, అసలు దెబ్బ తినేది అక్కడే. అందుకని పాత చెక్కు వెనక్కి ఇచ్చి, మిగిలిన 1,30,000కి కొత్తది రాయించుకున్నాను.

అదీ జులై 31న తిరిగొచ్చింది. ఈసారి ఆలస్యం చేయలేదు, ఆగస్టు 8న నోటీసు పంపించాం. చెక్కు మీద ఉన్న అంకె, నోటీసులో అడిగే అంకె ఒకటే ఉండాలట, ఒక్క సున్నా తేడా పడినా అవతలి లాయరు పట్టుకుంటారని ఆయన నా ముందే రెండుసార్లు సరిచూశారు. 12న చెక్కు ఇచ్చినాయనకి అందింది. అక్కడి నుంచి ఆయనకి 15 రోజులు, అంటే 27 దాకా. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత ఒక నెల లోపల మన ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులో ఫిర్యాదు వేయాలి. రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ.

చెక్కు ఇచ్చినవాళ్ల బాధ కూడా నాకు తెలుసు. ఒకసారి నేను డీలర్‌కి ఇచ్చిన చెక్కు సంతకం తేడా ఉందని తిరిగొచ్చింది. ఖాతాలో డబ్బుంది, బ్యాంకులో ఉన్నది పన్నెండేళ్ల కిందటి సంతకం. ఆ రాత్రంతా టెన్షన్. పొద్దున్నే ఫోన్ చేసి, ఖాతా నుంచి ఖాతాకి డబ్బు పంపి, ముట్టినట్టు కాగితం రాయించుకుని చెక్కు వెనక్కి తెచ్చుకున్నాను. నోటీసు వచ్చాక కూడా ఆ 15 రోజుల్లో మొత్తం కట్టేస్తే నేరమే కాదు. ఈ సంగతి తెలియక జనం నోటీసు తీసుకోకుండా పోస్ట్‌మ్యాన్‌ని వెనక్కి పంపిస్తారు, లేదా బ్యాంకుకి వెళ్లి పేమెంట్ ఆపించేస్తారు. రెండూ కాపాడవు. సరైన చిరునామాకి పంపిన నోటీసు అందినట్టే లెక్క, బాకీ ఉండి పేమెంట్ ఆపించినా కేసు అవుతుంది. బాకీ నిజంగా లేకపోతే మాత్రం ఆ నోటీసుకే వెంటనే లాయరు చేత జవాబు రాయించి, రసీదులు దాచుకోవాలి, ఎందుకంటే కోర్టు మొదట చెక్కు బాకీ కిందే ఇచ్చారని అనుకుంటుంది, కాదని చూపించాల్సింది ఇచ్చినవాళ్లే.

నాకు చెక్కు ఇచ్చినాయన ఆగస్టు 25న, అంటే పదమూడో రోజున, 1,30,000 ఖాతాలో వేశారు. నోటీసు చదివాకే ఆయనకీ గడువు తెలిసిందట. జూన్‌లోనే ఇద్దరికీ తెలిసుంటే రెండున్నర నెలలు ఎవరి నిద్రా చెడేది కాదు.

నేను అడిగేది చిన్నదే. రిటర్న్ మెమో కింద తెలుగులో నాలుగు వరుసలు ముద్రించమని బ్యాంకులకి చెప్పండి: చెక్కు ఏ తేదీ దాకా చెల్లుతుంది, నోటీసు ఏ తేదీ లోపల ఇవ్వాలి, అందుకున్నవాళ్లకి ఎన్ని రోజులుంటాయి, కొంత డబ్బు ముడితే ఏం చేయాలి. చెక్కు ఇచ్చినవాళ్ల ఫోన్‌కి కూడా అదే రోజు అవే వరుసలు మెసేజ్‌గా వెళ్లేలా చూడండి.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి ఒక సిమెంటు వ్యాపారి