ఖాళీ స్థలాల్లో తుప్పలు: యజమానుల భయం తీరాలి

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం శివారు కాలనీల్లో ఇళ్ల మధ్య ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న స్థలాల గురించి ఈ లేఖ రాస్తున్నాను. వానలు వెనకబట్టేసరికి వీటిలో వయ్యారిభామ, సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుపోతాయి. దారినపోయేవారు విసిరిన కొబ్బరి బోండాలు, ప్లాస్టిక్ కప్పులు వాటి మాటున పడి నీళ్లు పట్టుకుంటాయి. ఆ కాసిని నీళ్లలోనే వారం పది రోజుల్లో డెంగీ దోమ తయారవుతుంది. వీధిలో వదిలే పొగ ఎగిరే దోమలను చంపుతుందేమో కానీ, బోండాంలోని పిల్లపురుగులను ఏమీ చేయదు.

దోమల సంగతి అందరికీ తెలిసిందే. తుప్పల్లో ఉండే నల్లి జాతి పురుగు గురించి మాత్రం చాలామందికి తెలియదు. కంటికి సరిగా ఆనని దాని పిల్లపురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. ఎలుకలు తిరిగే తుప్పల్లో ఇవి ఎక్కువ. కుట్టినప్పుడు నొప్పి తెలియదు. వారం పది రోజుల తరువాత జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. చంకలోనో, గజ్జల్లోనో, నడుము పట్టీ కిందో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపించవచ్చు. అందరికీ కనిపించదు కాబట్టి, ఇంటి పక్కన తుప్పలున్నాయని వైద్యుడికి చెప్పడం అవసరం. తొందరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి మామూలు మందుతో తగ్గుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మా ఇంటి పక్కన అయిదు సెంట్ల స్థలం అచ్చంగా ఇలాగే ఉండేది. యజమాని ఎవరో వీధిలో ఎవరికీ తెలియదు. లేఅవుట్ ప్లాట్ నంబరు, సర్వే నంబరు పట్టుకుని ఈసీ తీయిస్తే పేరు దొరికింది. అందులో ఫోన్ నంబరు ఉండదు కదా, అది ఆ అమ్మకం కుదిర్చిన మధ్యవర్తి దగ్గర దొరికింది. యజమాని భిలాయిలో ఉద్యోగం చేస్తున్నారు. ఫోన్ చేస్తే, "ఇప్పుడు వీలుపడదండీ, సెలవు మీద వచ్చినప్పుడు చూస్తాను" అన్నారు. మళ్లీ చేస్తే ఎత్తడం మానేశారు.

డబ్బుకు వెనకాడుతున్నారని మా వీధిలో అందరూ అనుకున్నాం. కారణం అది కాదని వారి బంధువు ద్వారా తెలిసింది. వారి మరో స్థలంలో ఇలాగే ఎవరో "శుభ్రం చేస్తాం" అని దిగి పశువుల పాక వేశారట. పైగా జేసీబీ దిగితే సరిహద్దు రాళ్లు కదిలిపోతాయన్న బెంగ ఒకటి. దూరాన ఉన్నవారికి ఈ భయం సహజం. దాన్ని పట్టించుకోకుండా దోమలు, పాములు అని ఎంత మొత్తుకున్నా లాభం లేదు.

అందుకే స్థలానికి ఇరువైపులా, వెనక ఉన్న ఇళ్లవాళ్లం ఒక కాగితం రాసి సంతకాలు పెట్టాం. వారి అనుమతితోనే శుభ్రం చేయిస్తున్నామని, స్థలం మీద మాకు ఏ హక్కూ లేదని అందులో రాశాం. నాలుగు మూలల రాళ్లకు తెల్లరంగు వేసి ఫోటోలు పంపాం. పని అయ్యాక వారి పేరుతో చిన్న బోర్డు పాతిస్తామని కూడా చెప్పాం. ఆ బోర్డు మాటకే వారు మెత్తబడ్డారు. కూలి డబ్బులు ఆ సాయంత్రమే పంపారు.

జేసీబీ వద్దనుకుని మనుషులనే పెట్టాం. తుమ్మను నేలకు సమానంగా నరికితే వానలకు మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, అందుకని మొద్దు చుట్టూ తవ్వి వేరు పైభాగంతో సహా తీయించాం. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి. పూత పట్టాక కదిలిస్తే విత్తనం రాలుతుంది, దాని పుప్పొడి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు తెస్తుంది. పనివాళ్లు నిండు చేతుల చొక్కాలు, బూట్లు వేసుకోవాలి. నిప్పు పెట్టడం మాత్రం ఎవరూ చేయవద్దు. పొగ ఇళ్లలోకి వస్తుంది, పాములు, ఎలుకలు అక్కడినుంచి పక్క ఇళ్ల గోడల్లోకే చేరతాయి.

అన్ని వీధుల్లో ఈసీలు తీయించి, బంధువులను వెతికే ఓపిక ఉండదు. నగరపాలక సంస్థ దగ్గర మాత్రం ఖాళీ స్థలం పన్ను కట్టేవారి వివరాలు ఉంటాయి. ఆ పన్ను నోటీసుతోపాటే ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, తుప్పలు తీయించమని యజమానికి రాయాలి. నోటీసుకు స్పందించకపోతే తానే శుభ్రం చేయించి ఆ ఖర్చు వసూలు చేయాలి. యజమాని బోర్డు, రంగు వేసిన సరిహద్దు రాళ్ల ఫోటోలు వార్డు సచివాలయంలో భద్రపరిచే ఏర్పాటు కూడా ఉంటే, భిలాయిలో ఉన్నవారైనా, విదేశాల్లో ఉన్నవారైనా ధైర్యంగా ఒప్పుకుంటారు. అధికారులు ఈ వానాకాలానికి ముందే దీన్ని ఒక్క వార్డులోనైనా మొదలుపెట్టాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విజయనగరం