మొలలు అని రాసే ముందు ఒక్కసారి చూడమనండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వాసుపత్రిలో సర్జన్‌ని. మలద్వారం దగ్గర ఏ బాధ వచ్చినా ఓపీ చీటీ మీద పడే మాట ఒకటే: మొలలు. ఆ మాట ఎంత తేలిగ్గా రాసేస్తున్నామో చెబుదామనే ఈ ఉత్తరం.

ఈమధ్య 34 ఏళ్ళ ఆమె ఒకరు వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, నిలబడే మాట్లాడారు. చేతిలో మూడు చీటీలు, మూడింటి మీదా మొలలనే రాసి ఉంది. నాలుగు నెలలుగా మొలల ట్యూబులే రాసుకుంటున్నారట. "విరేచనానికి వెళ్తే గాజుపెంకు గీసినట్టుంటుంది సార్. లేచి వచ్చాక కూడా రెండు గంటలు మంట తగ్గదు" అన్నారు. రక్తం ఎంత పడుతోందని అడిగితే, మలం మీద సన్నటి ఎర్రగీత, ఒకటి రెండు చుక్కలు, అంతే అన్నారు.

రోగం పేరు ఆ మాటల్లోనే ఉంది. అది ఫిషర్, అంటే మలద్వారం అంచున చర్మంలో పడిన చీలిక. లోపలి మొలలైతే మామూలుగా నొప్పి ఉండదు, ఎందుకంటే అవి పుట్టే చోట పొరకు నొప్పి తెలియదు. వాటికి రక్తమే ఎక్కువ, ఒక్కోసారి ధారగా కూడా పడుతుంది. బయటి మొలలో రక్తం గడ్డకడితే నొప్పి ఉంటుంది కానీ, అది హఠాత్తుగా వస్తుంది, చేతికి గట్టి బుడిపె తగులుతుంది, విరేచనంతో పని లేకుండా నాలుగైదు రోజులు సలిపి తగ్గుతుంది.

మీకు వింతగా అనిపించవచ్చు, ఆ చీటీలు రాసిన ముగ్గురు డాక్టర్లలో ఒక్కరూ ఆ చోటు చూడలేదు. చూద్దామన్నా అక్కడ తెర లేదు, పక్కన ఆడమనిషి లేరు. మేము ఎడమపక్కకు పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, పిరుదులు మెల్లగా విడదీసి లైటు వేశాం. నడుము వైపు మధ్యలో చీలిక కనిపించింది, దాని బయటి కొసన చిన్న తోలు బుడిపె. వేలు పెట్టలేదు, ఆ నొప్పిలో పెట్టకూడదు కూడా. అద్దంలో ఆ బుడిపెను చూసే ఆమె కూడా మొలలేనని నమ్మారు. నిజానికి అది చీలిక పాతబడిందనడానికి గుర్తు.

చీలిక ఎందుకు మానదంటే, నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది. బిగిస్తే అక్కడికి రక్తం సరిగా అందదు. పైగా భయంతో మనిషి విరేచనం ఆపుకుంటారు, మలం గట్టిపడి మర్నాడు మళ్ళీ అదే చోట చీలుతుంది. మొలల ట్యూబు ఈ బిగింపును వదిలించలేదు. కొత్త చీలికైతే పీచు, నీళ్ళు, మలం మెత్తబడే మందు, విరేచనం అయ్యాక పది పదిహేను నిమిషాలు గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోవడం, వీటితోనే చాలామందికి మానిపోతుంది. ఆరు వారాలు దాటితే కండరం వదులయ్యే మందు కావాలి. ఆమెకు వాటితో పాటు 2 శాతం డిల్టియాజెమ్ ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు రాయమన్నాం. రెండో వారానికి కుర్చీలో కూర్చున్నారు, ఎనిమిదో వారానికి చీలిక మూసుకుంది. అందరికీ ఇలా మానదు. మానని వాళ్ళకు బోటాక్స్ ఇంజెక్షనో, కండరాన్ని కొంత కోసే ఆపరేషనో ఉంది. ఆ కోతతో కొందరికి గ్యాస్ మీద పట్టు తగ్గుతుంది, కాబట్టి ముందే చెప్పి చేయాలి.

నాకు అసలు భయం ఇది కాదు, చీముగడ్డ. దాని నొప్పి విరేచనం కోసం ఆగదు. పగలూ రాత్రీ సలుపుతుంది, రోజురోజుకూ పెరుగుతుంది, కూర్చోనివ్వదు, జ్వరం రావచ్చు. గడ్డ లోతుగా ఉంటే బయట వాపే కనిపించదు. దీనికీ మొలలని రాసి ఐదు రోజుల యాంటీబయాటిక్ ఇచ్చి పంపుతున్నారు. చీము తీయకుండా మాత్రలతో అది మానదు. షుగర్ ఉన్నవాళ్ళలో అయితే చుట్టుపక్కల కండ కుళ్ళిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

చీలిక కనిపించినంత మాత్రాన పరీక్ష అయిపోయినట్టూ కాదు. అది పక్కకు ఉన్నా, నొప్పి లేకున్నా క్షయ, పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు వంటివి వెతకాలి. రక్తం మలంలో కలిసి వస్తున్నా, బరువు తగ్గుతున్నా, విరేచనం తీరు మారినా పెద్దపేగు చూడాల్సిందే.

మిమ్మల్ని అడిగేవి కొన్నే. ప్రతి ఓపీలో ఒక తెర, ఒక లైటు, ఆడవాళ్ళకు తోడుగా ఒక నర్సు ఉండాలి. చీటీ మీద "నొప్పి ఎప్పుడు, ఎంతసేపు, చూశారా" అని ఒక వరుస అచ్చు వేయించండి. డిల్టియాజెమ్ ఆయింట్‌మెంట్‌ను మందుల జాబితాలో చేర్చండి. చీముగడ్డ అని అనుమానం వస్తే అదే రోజు సర్జన్ దగ్గరకు పంపాలని ఉత్తర్వు ఇవ్వండి.

భవదీయుడు,
ఒక ప్రభుత్వ సర్జన్