ఆలస్యానికి మీరు చెప్పిన క్షమాపణపై నా ఫిర్యాదు

స్టోర్ యజమాని గారికి,

విషయం: వరలక్ష్మీ వ్రతానికి అందాల్సిన ఆర్డర్ ఆలస్యం గురించి, దాని మీద ఆగస్టు 7న మీరు కస్టమర్లందరికీ పంపిన క్షమాపణ గురించి.

అయ్యా,

జులై 19న మీ దగ్గర ఒక మంగళగిరి కాటన్ చీర, 21 జాకెట్ ముక్కలు ఆర్డర్ పెట్టి డబ్బు మొత్తం ముందే కట్టాను. చీర 2,350 రూపాయలు. జాకెట్ ముక్కలు ఒక్కొక్కటి 120 చొప్పున 2,520. వస్తువు పేజీలోనే, ధర కిందే, "వ్రతం స్పెషల్, ఆగస్టు 5 లోపు మీ ఇంటికి" అని ఎర్రక్షరాల్లో రాశారు. ఆ స్క్రీన్‌షాట్ జతచేస్తున్నాను. వ్రతం ఆగస్టు 8, శుక్రవారం. పార్శిల్ కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చింది 11న, సోమవారం.

ఆలస్యం ఎవరికైనా అవుతుంది. ఒక మందుల గోడౌన్‌లో డిస్పాచ్ చూసేదాన్ని కాబట్టి అది నాకు కొత్త కాదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా మీ క్షమాపణ గురించి. "భారీ వర్షాల కారణంగా కొరియర్ సర్వీసులు ఆలస్యమవుతున్నాయి, మా చేతుల్లో లేని పరిస్థితి, దయచేసి సహకరించండి" అని అందులో ఉంది. కింద లక్ష్మీదేవి బొమ్మ, పది శాతం కూపన్.

ఇప్పుడు నా పార్శిల్ ట్రాకింగ్ చూడండి. "మీ ఆర్డర్ షిప్ అయింది" అని జులై 26న మెసేజ్ వచ్చింది, ట్రాకింగ్ నంబరుతో సహా. ఆ నంబరు కొట్టి చూస్తే "పికప్ పెండింగ్" అని ఉంది. ఆ మాట ఆగస్టు 6 సాయంత్రం దాకా మారలేదు. లేబుల్ ప్రింట్ చేయగానే నంబరు పుడుతుందని ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. అప్పటికి డబ్బాలో సరుకు ఉండనక్కర్లేదు, అసలు డబ్బానే ఉండనక్కర్లేదు. కొరియర్ మనిషి వచ్చి స్కాన్ చేస్తేనే సరుకు మీ గడప దాటినట్టు. నా పార్శిల్‌కు ఆ మొదటి స్కాన్ ఆగస్టు 6న రాత్రి 7:40కి పడింది. 7న విజయవాడ, 8న హైదరాబాద్, 9న కరీంనగర్ హబ్. మధ్యలో ఆదివారం పోగా సోమవారం ఇంటికి. అంటే దారిలో పట్టింది మామూలు సమయమే. వాన ఆపేది రోడ్డెక్కిన బండిని కదా, మీ రాక్‌లో లేబుల్ అంటించుకుని కూర్చున్న డబ్బాను కాదు.

పికప్ వాళ్లే రాలేదేమో అనుకుని ఆగస్టు 4న మీ నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి, పాపం, నిజం చెప్పేసింది: "చీరలు ఉన్నాయండీ, జాకెట్ ముక్కలు రంగులు వేసేవాళ్ల దగ్గర్నుంచి ఇంకా రాలేదు, రెండూ కలిపి పంపుదామని ఆపాం." ఆ అమ్మాయిని ఏమీ అనకండి. మీ సంస్థ నుంచి నాకు అందిన నిజమైన సమాచారం అదొక్కటే.

చేతిలో సరుకు లేకుండా ఆర్డర్లు తీసుకున్నారు, షిప్ కాకుండానే అయిందని మెసేజ్ పంపారు, చివరికి తప్పు వాన మీదకు తోశారు. అది మర్యాద కోసం రాసిన మాటే అయితే పట్టించుకునేదాన్ని కాదు. కానీ 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన గడువు దాటి సరుకు వస్తే వెనక్కి తీసుకోవడానికి గానీ, డబ్బు తిరిగివ్వడానికి గానీ అమ్మేవాళ్లు నిరాకరించకూడదు. దానికి మినహాయింపు ఒక్కటే: ఆలస్యానికి కారణం ఎవరి చేతుల్లోనూ లేని విపత్తు అయితే. "మా చేతుల్లో లేని పరిస్థితి" అన్న మీ మాట సరిగ్గా ఆ మినహాయింపులోకే వెళ్తోంది. తెలిసి రాశారో తెలియక రాశారో నాకు తెలియదు. 11న రిటర్న్ అడిగితే మాత్రం "వర్షాల వల్ల లేట్ అయిన ఆర్డర్లకు రిటర్న్ లేదు" అని జవాబు వచ్చింది.

ఇంకో సంగతి. ఆ క్షమాపణ పంపేనాటికి మీ కస్టమర్లందరి పరిస్థితీ ఒకటి కాదు. కొందరి సరుకు ఇంకా ప్యాక్ కాలేదు, కొందరిది అప్పుడే బండెక్కింది, కొందరిది వాళ్ల ఊరి హబ్‌లో ఉంది. మూడో రకం వాళ్లకు ఒక రోజు ఆగమంటే సరిపోతుంది. మొదటి రకానికి కావాల్సింది ఓపిక పట్టమన్న మాట కాదు, క్యాన్సిల్ చేసుకునే దారి. నాది రెండో రకం. 6న రాత్రి బయల్దేరిన సరుకు 8న పొద్దున కరీంనగర్ చేరదని మీ డిస్పాచ్ వాళ్లకు తెలియకుండా ఉండదు. బండెక్కించే ముందు "ఇది వ్రతానికి అందదు, పంపమంటారా, డబ్బు వెనక్కి వేయమంటారా" అని ఒక్క మెసేజ్ పెడితే అయిపోయేది. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టిన మా తోడికోడలు డబ్బా తీసుకోనని గుమ్మంలోంచే పంపేసింది. డబ్బు ముందే కట్టిన నాకు ఆ వీలు లేదు. మిమ్మల్ని ఎక్కువ నమ్మినవాళ్లకే ఎక్కువ నష్టం అన్నమాట.

7న సాయంత్రం టవర్ సర్కిల్ దగ్గర బజారుకు పోయి, దొరికిన రంగుల్లో జాకెట్ ముక్కలు కొనుక్కొచ్చి ముత్తైదువులకు తాంబూలంలో పెట్టాను. మీవి ఇప్పుడు డబ్బాలో అలాగే ఉన్నాయి, కవరు విప్పలేదు. చీర బాగుంది, అది మా అత్తమ్మకు ఇచ్చేశాను, దాని గురించి నాకు పేచీ లేదు. కూపన్ మాత్రం నాకు వద్దు. 1,999 రూపాయలకు తగ్గకుండా, నెలలోపు కొంటేనే చెల్లుతుందని కింద చిన్నక్షరాల్లో ఉంది. దాన్ని పరిహారం అనరు, ఇంకో అమ్మకం అంటారు.

మీరు పంపాల్సిన క్షమాపణ ఇలా ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు: "జాకెట్ ముక్కలు ఉన్న ఆర్డర్లు ఆగిపోయాయి. రంగులు వేసేవాళ్ల నుంచి సరుకు రాకముందే మేము ఆర్డర్లు తీసుకున్నాం. మీ ట్రాకింగ్‌లో పికప్ పెండింగ్ అని ఉంటే పార్శిల్ మా దగ్గరే ఉంది, వ్రతానికి అందదు. వద్దనుకుంటే ఈ మెసేజ్‌కు 'వద్దు' అని జవాబివ్వండి, కట్టిన డబ్బు వెనక్కి వేస్తాం. చీర ఒక్కటే ముందు కావాలంటే ఈరోజే పంపుతాం." ఇందులో లక్ష్మీదేవి బొమ్మ అవసరం లేదు.

నేను అడుగుతున్నవి ఇవి. 21 జాకెట్ ముక్కలను మీ ఖర్చుతో మా ఇంటి నుంచి పికప్ చేయించి, 2,520 రూపాయలు నేను కట్టిన ఖాతాకే వేయండి. వర్షాల వల్ల ఆలస్యమన్న మాట తీసేసి, అసలు కారణంతో ఆ ప్రకటనను సరిచేసి అందరికీ మళ్లీ పంపండి, ఎందుకంటే ఆ కారణం చూపించే నాలాంటి వాళ్ల రిటర్న్‌లు ఆపుతున్నారు. మీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల అధికారి పేరు, హోదా, ఫోన్ నంబరు ఎక్కడా కనిపించలేదు. ఆ నిబంధనల ప్రకారమే అవి పెట్టాలి, పెట్టండి.

ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. 48 గంటల్లో జవాబు రాకపోతే ఇదే ఉత్తరాన్ని, ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్లతో కలిపి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తాను. ఇన్‌వాయిస్, మీ జులై 26 మెసేజ్, ఆగస్టు 7 ప్రకటన, రిటర్న్ నిరాకరించిన మీ జవాబు జతచేశాను. పికప్‌కు సాయంత్రం ఆరు తర్వాత మనిషిని పంపండి, పగలు నేను డ్యూటీలో ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్,
కరీంనగర్