గుండు రెండు ముక్కలైతే ‘జవాబు R’ అని కళ్లు మూసుకుని రాయొచ్చా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. విశాఖపట్నంలో ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. మా మనవరాలు ఇక్కడే ఒక కాలేజీలో ఇంటర్ మొదటి ఏడాది చదువుతోంది. కాలేజీ పేరు రాయను. తప్పు ఆ ఒక్క కాలేజీది మాత్రమే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణీ కాను.

మొన్నటి వారాంతపు పరీక్షలో వచ్చిన లెక్క ఇది. ఒక ఫిరంగి గుండును అడ్డంగా సెకనుకు 30 మీటర్లు, పైకి సెకనుకు 40 మీటర్ల వేగం ఉండేలా ఏటవాలుగా పేల్చారు. గరిష్ఠ ఎత్తు చేరగానే అది రెండు సమాన ముక్కలైంది. పేలుడు ఒక ముక్కను సెకనుకు 30 మీటర్ల వేగంతో నేరుగా కిందికి, రెండో ముక్కను అంతే వేగంతో పైకి తోసింది. అడ్డ వేగం రెండింటికీ మారలేదు. రెండు ముక్కలూ నేలమీద పడ్డ చోటే ఉండిపోతే, వాటి ద్రవ్యరాశి కేంద్రం పేల్చిన చోటికి ఎంత దూరంలో ఉంటుంది?

కీలో జవాబు 240 మీటర్లు. మా మనవరాలు 270 పెట్టింది. నాలుగు మార్కులు రాకపోగా నెగెటివ్ కింద ఇంకొకటి పోయింది. వెళ్లి అడిగితే, “పేలుడు లోపలి బలం కదమ్మా, కేంద్రం దారి మారదు, R దగ్గరే పడుతుంది, అంతే” అన్నారట. R అంటే గుండు పేలకుండా ఉంటే వెళ్లి పడే దూరం. ఈ ‘అంతే’ దగ్గరే నా పేచీ.

ఆ మాటలో సగం నిజమే. పేలుడులో ఒక ముక్క రెండోదాన్ని ఎంత బలంగా తోస్తే, అది దీన్ని అంతే బలంగా వెనక్కి తోస్తుంది. రెండూ కలిపి చూస్తే ఆ తోపులు చెల్లుకు చెల్లు. బయటి నుంచి పనిచేసేది భూమి ఆకర్షణ ఒక్కటే, అది పేలకముందూ ఉంది, పేలాకా ఉంది. అందుకే గుండు పేలిన సంగతే తెలియనట్టు ద్రవ్యరాశి కేంద్రం పాత పరావలయం మీదే సాగిపోతుంది. దీపావళి రాత్రి బీచ్ రోడ్డులో నిలబడి స్కై షాట్లు చూస్తే ఈ సంగతి కొంతవరకు కనిపిస్తుంది. రవ్వలు నలువైపులా చిమ్ముతాయి, పువ్వు మొత్తం మాత్రం ఒక్కటిగా మెల్లగా కిందికి జారుతుంది. తేలిక రవ్వల్ని గాలి తొందరగా ఆపేస్తుంది కాబట్టి అక్కడ లెక్క కచ్చితంగా కుదరదు. పరీక్షలో ఎలాగూ గాలి లేదనే అనుకుంటాం.

మిగతా సగం ఏమిటంటే, ఈ సూత్రం మొదటి ముక్క నేలను తాకేవరకే పనిచేస్తుంది. తాకిన క్షణంలో నేల కూడా ఒక బయటి బలమై ముక్కను ఆపేస్తుంది. అప్పటికి రెండో ముక్క ఇంకా గాల్లోనే ఉంటే, కేంద్రం ఆ పాత దారి మీద ఉండదు.

ఈ సంగతి మనవరాలికి ముందు కాగితం మీద చూపించాను గానీ నాకే తృప్తి కలగలేదు. హాల్లో టైల్స్ మీద కూర్చుని చింతపిక్కలతో పేర్చాం. ఒక గడి 30 మీటర్లు. అడ్డ వేగం సెకనుకు 30 కాబట్టి, సెకనుకు సరిగ్గా ఒక గడి. గుండు 4 సెకన్లలో 80 మీటర్ల ఎత్తుకు చేరి నాలుగో గడి మీద పేలుతుంది. పేలకపోతే ఇంకో 4 సెకన్లకు ఎనిమిదో గడి మీద, అంటే 240 మీటర్ల దగ్గర పడాలి. అదే R.

కిందికి తోసిన ముక్కకు 80 మీటర్లు దిగడానికి 2 సెకన్లు చాలు (30×2 + 5×4 = 80, g ని 10గా తీసుకున్నాం). ఆరో గడి మీద పడి అక్కడే కూరుకుపోతుంది. ఆ క్షణానికి రెండో ముక్క ఆరో గడికి నేరుగా పైన, 120 మీటర్ల ఎత్తులో ఉంది. రెండింటి మధ్య బిందువు 60 మీటర్ల ఎత్తున ఉంటుంది. పాత పరావలయం మీద ఆ సమయానికి ఉండాల్సిన ఎత్తూ అదే. ఇంతవరకు కీ రాసినవారి మాట నెగ్గింది.

ఇంకో 2 సెకన్లు పోనివ్వండి. పేలని గుండయితే ఈపాటికి ఎనిమిదో గడి మీద నేలను తాకేది. ఇక్కడేమో ఒక ముక్క ఆరో గడి మీదే పడి ఉంది, రెండోది ఎనిమిదో గడికి పైన మళ్లీ 120 మీటర్ల ఎత్తులో ఉంది. మధ్య బిందువు ఏడో గడి మీద, నేలకు 60 మీటర్ల పైన. కేంద్రం R దగ్గర పడాల్సిన క్షణంలో అది R దగ్గరా లేదు, నేలమీదా లేదు! పైకి పోయిన ముక్క పేలిన 8 సెకన్లకు గానీ దిగదు. అది పడేది పన్నెండో గడి మీద, అంటే 360 మీటర్ల దగ్గర. హాలు చాలక ఆ చింతపిక్కను వంటింటి గుమ్మంలో పెట్టాల్సి వచ్చింది. 180కి, 360కి మధ్య 270. తొమ్మిదో గడి.

R కంటే ఎక్కువ వచ్చిన ఈ 30 మీటర్లు ఎక్కడివి అని మా మనవరాలే అడిగి, తనే చెప్పింది. మొదటి ముక్క 2 సెకన్లు ముందే ఆగిపోయి 60 మీటర్లు నష్టపోయింది. రెండోది 4 సెకన్లు ఎక్కువ ఎగిరి 120 మీటర్లు లాభపడింది. ఇద్దరికీ కలిపి మిగిలింది 60, పంచితే 30. నా బీజగణితం కంటే ఇది బాగుంది.

R అన్న జవాబు సరిపోయే లెక్కలూ ఉన్నాయి, ఎప్పుడూ చెప్పేవి అవే. ఒక ముక్క పైన ఆగిపోయి నిటారుగా పడితే, రెండోది సెకనుకు 60 మీటర్ల వేగంతో పోయి 360 దగ్గర పడుతుంది. 120కి, 360కి మధ్య సరిగ్గా 240. ఇక్కడ పేలుడు పక్కలకే తోసింది, పైకీ కిందికీ తోయలేదు. అందుకే రెండూ 4 సెకన్లకు ఒకేసారి దిగాయి. ముక్కలు సమానం కాకపోయినా ఇదే వర్తిస్తుంది, కాకపోతే అప్పుడు మధ్య బిందువు తీసుకోకూడదు. ఒక వంతు బరువున్నది ఆగిపోయి, మూడు వంతులది ముందుకు పోతే అది పడేది 280 దగ్గర. బరువులు చూడకుండా సగం చేస్తే 200 వస్తుంది, బరువుల ప్రకారం లెక్కిస్తే 240 వస్తుంది. పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే.

కాబట్టి లెక్క చదవగానే చూసుకోవాల్సింది ఒక్కటే: ముక్కలు రెండూ ఒకేసారి పడుతున్నాయా? పడితే R వాడుకోవచ్చు. లేదంటే ఏ ముక్క ఎక్కడ పడిందో విడివిడిగా కట్టాల్సిందే. ఒక్క నిమిషం ఎక్కువ పడుతుంది. ఆ నిమిషం మిగల్చడానికే షార్ట్‌కట్ నేర్పుతున్నారు, షరతు మాత్రం చెప్పడం లేదు. షరతు గమనించిన పిల్లకు మార్కులు కోస్తున్నారు.

కీ మీద అభ్యంతరం రాసిచ్చి పది రోజులైంది, జవాబు లేదు. పరీక్ష పేపర్లు తయారుచేసేవారు, మీ విద్యార్థి పేజీకి మాదిరి ప్రశ్నలు పంపేవారు R జవాబుగా రావాలనుకుని ఇలాంటి లెక్క ఇచ్చినప్పుడు ‘రెండు ముక్కలూ ఒకేసారి నేలను తాకితే’ అన్న మాట ప్రశ్నలోనే చేర్చాలని మనవి. మొన్నటి లెక్కలో ముక్కలు ఒకేసారి పడవు కాబట్టి దాని కీలో మాత్రం 270 అని దిద్దాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం