తీర్మానం పక్కన హాజరు లెక్క కూడా రాయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మున్సిపల్ కౌన్సిల్ సమావేశం జరిగిన మర్నాడు పత్రికల్లో తరచూ ఒకే రకం వార్త వస్తుంది: ఎజెండాలోని అంశాలన్నింటినీ సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారని. ఆమోదించే సమయానికి హాల్లో ఎంతమంది ఉన్నారో వార్తలో ఉండదు. చాలాసార్లు మినిట్స్ పుస్తకంలోనూ ఉండదు. కౌన్సిల్ విభాగంలో మినిట్స్ రాసి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఈ లోటు వల్ల ఏం జరుగుతుందో మీ పాఠకులకు చెప్పాలనిపించింది.

సమావేశం చెల్లాలంటే కనీసం ఇంతమంది సభ్యులు ఉండాలని చట్టం పెట్టే హద్దే కోరం. కొన్నిచోట్ల అది మూడో వంతు, కొన్నిచోట్ల సగం. మొత్తం 40 స్థానాలున్న కౌన్సిల్లో మూడో వంతు అంటే 13 దాటుతుంది కాబట్టి 14 మంది ఉండాలి. అందులో నాలుగు స్థానాలు ఖాళీగా ఉన్నాయనుకోండి. మూడో వంతును మొత్తం స్థానాల మీద లెక్కగట్టాలా, ప్రస్తుతం పదవిలో ఉన్న 36 మంది మీద లెక్కగట్టాలా? రెండో పద్ధతిలో 12 మంది చాలు. అంటే హాల్లో 13 మంది ఉన్న రోజున సమావేశం చెల్లుతుందా లేదా అన్నది స్థానిక చట్టం ఏ లెక్క చెబుతుందన్న దానిమీదే ఆధారపడుతుంది. ఎటూ కమిషనరు, ఇంజనీర్లు, అకౌంట్స్ వాళ్లు ఎంతమంది కూర్చున్నా ఈ లెక్కలోకి రారు.

చాలామంది కోరాన్ని సమావేశం మొదలయ్యేటప్పుడు ఒకసారి చూసుకుంటే సరిపోతుందనుకుంటారు. హాజరు రిజిస్టరులో సంతకాలు పడ్డాయి, గంట కొట్టారు, ఇక దాని సంగతి మర్చిపోవచ్చన్నట్టు ఉంటారు. కానీ సాధారణ నియమం ప్రకారం ఓటు తీసుకునే ప్రతిసారీ అంతమంది హాల్లో ఉండాలి. పొద్దున సంతకం పెట్టి మధ్యాహ్నం వెళ్లిపోయిన సభ్యుణ్ణి సాయంత్రం తీర్మానానికి హాజరైనట్టు లెక్కగట్టకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. అదే 40 స్థానాల కౌన్సిల్. ఖాళీలు లేవు, కోరం 14. ఉదయం 31 మంది సంతకాలు పెట్టారు. ఎజెండాలో 22 అంశాలు. గత సమావేశం మినిట్స్ ధ్రువీకరణ, చిన్నచిన్న పనుల మంజూరు మొదట్లోనే అయిపోయాయి. భోజనాల తర్వాత 17వ అంశం వచ్చింది. వీధి దీపాల నిర్వహణను ఒక కాంట్రాక్టరుకు ఐదేళ్ల పాటు ఇవ్వాలన్న ప్రతిపాదన అది. ఒకరు ప్రతిపాదించారు, మరొకరు బలపరిచారు. ఇంకో సభ్యురాలు ఐదేళ్లకు బదులు రెండేళ్లు చేయాలని సవరణ పెట్టారు. పద్ధతి ప్రకారం ముందు సవరణ మీద ఓటు తీసుకుని, దాని ఫలితాన్ని బట్టి అసలు ప్రతిపాదనకు వెళ్లాలి. అధ్యక్షుడు అలాగే చేశారు. చేతులెత్తించి లెక్కపెడితే సవరణకు అనుకూలంగా నలుగురు, వ్యతిరేకంగా ఆరుగురు. ఆ వెంటనే అసలు ప్రతిపాదనను మూజువాణి ఓటుతో ఆమోదించారు. అప్పటికి హాల్లో ఉన్నది అధ్యక్షుడితో కలిపి 11 మంది. కోరానికి ముగ్గురు తక్కువ.

మినిట్స్‌లో ఇది సాధారణంగా ఎలా పడుతుందో చెబుతాను. పైన "హాజరైన సభ్యులు: 31", 17వ అంశం కింద "సవరణ వీగిపోయింది, తీర్మానం ఆమోదించబడింది". చదివినవాళ్లకు 31 మంది కూర్చుని తేల్చినట్టే ఉంటుంది. నాలుగు, ఆరు అని ఓట్లు రాసినా సరిపోదు. ఓటు వేయకుండా తటస్థంగా ఉన్నవాళ్లు కూడా కోరంలోకి వస్తారు కాబట్టి ఓట్ల మొత్తాన్ని చూసి కోరం లేదని తేల్చలేం. "ఓటింగు సమయంలో హాజరు 11" అని విడిగా రాస్తేనే విషయం బయటపడుతుంది.

ఆ సమయంలో చేయవలసిన పని చాలా చిన్నది. ఏ సభ్యుడైనా లేచి "అధ్యక్షా, పాయింట్ ఆఫ్ ఆర్డర్, సభలో కోరం లేదు, లెక్క పెట్టించండి" అంటే చాలు. ఎవరు మాట్లాడుతున్నా అక్కడితో ఆగాలి. అధ్యక్షుడు లెక్క పెట్టించి అప్పటికప్పుడే రూలింగు ఇవ్వాలి, తర్వాత చూద్దామని దాటవేయకూడదు. కోరం లేకపోతే బయట ఉన్న సభ్యులను పిలిపించడం, కాసేపు ఆగి చూడటం, అప్పటికీ రాకపోతే వాయిదా వేయడం తప్ప మిగతా పనేదీ ముందుకు సాగకూడదు. తమ వార్డులో నీళ్లు రావడం లేదని ప్రసంగించడానికి పాయింట్ ఆఫ్ ఆర్డర్ వాడుకునేవాళ్లను చూసి జనానికి అదంటే గొడవ చేయడమనే అభిప్రాయం పడిపోయింది. నిజానికి నియమం తప్పిన చోటును చూపించడమే దాని పని, అదీ తప్పు జరుగుతున్నప్పుడే లేవనెత్తాలి.

మరి ఎవరూ ఎందుకు లేవరు? ఉన్నవాళ్లలో చాలామందికి 19వ అంశంలోనో 20వ అంశంలోనో తమ వార్డు పని ఒకటుంటుంది. ఇప్పుడు వాయిదా పడితే అది వచ్చే సమావేశానికి పోతుందని టెన్షన్. అందుకే నోరు మెదపరు. వ్యతిరేకించేవాళ్ల తీరు నన్ను ఇంకా బాధపెడుతుంది. నినాదాలు చేసి అందరూ కలిసి వాకౌట్ చేస్తారు. వాళ్లు బయటికెళ్లడం వల్ల కోరం పోయినా, ఆ మాట అడగడానికి లోపల ఒక్కరూ మిగలరు. తీర్మానం అడ్డు లేకుండా పాసవుతుంది. ఒక్క సభ్యుణ్ణి లోపల ఉంచి లెక్క అడిగించి ఉంటే ఆ వాకౌట్‌కు ఫలితం దక్కేది.

తర్వాత సరిచేసుకుందాంలే అంటే దారి ఇరుకైపోతుంది. వచ్చే సమావేశంలో మినిట్స్ ధ్రువీకరించేటప్పుడు జరిగింది జరిగినట్టు రాశారా లేదా అన్నదే ప్రశ్న. అప్పుడు "17వ అంశానికి 11 మందిమే ఉన్నాం, అది రాయండి" అని అడగవచ్చు, అడగాలి కూడా. తీర్మానం తప్పు, మార్చండి అని మాత్రం అక్కడ అడగలేరు. దాన్ని రద్దు చేయాలంటే ముందుగా నోటీసు ఇచ్చి వేరే ప్రతిపాదన తేవాలి. ఒకసారి ధ్రువీకరించిన మినిట్స్‌ను అధికారిక సాక్ష్యంగా చూస్తారు. కోర్టుకెళ్లినవాళ్లు ఆ రోజు కోరం లేదని తామే రుజువు చేసుకోవలసి వస్తుంది. హాజరు లెక్క రాయని పుస్తకంతో అది చాలా కష్టం. అన్ని నియమాలూ పాటించి చేసిన మంచి తీర్మానాన్ని ఎవరైనా సవాలు చేసినప్పుడు కాపాడుకోవడానికీ అదే పుస్తకం అక్కరకు రాదు.

కౌన్సిళ్లను నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. సభ్యుడు హాలు విడిచి వెళ్లిన సమయం, తిరిగొచ్చిన సమయం రాయాలి. ప్రతి తీర్మానం కింద హాజరు, అనుకూలం, వ్యతిరేకం, తటస్థం అన్న నాలుగు అంకెలు వేయాలి. డబ్బుతో ముడిపడిన అంశాలకు మూజువాణి ఓటు మానేసి చేతులెత్తించాలి. ఒక్కో అంశానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

మీ విలేఖరులకు కూడా ఒక మనవి. వాళ్లు ప్రెస్ గ్యాలరీలోనే కూర్చుంటారు, హాలంతా కనిపిస్తుంది. ముఖ్యమైన తీర్మానం పాసైనప్పుడు తల ఎత్తి లెక్కపెట్టి, ఇంతమంది ఉండగా ఆమోదించారని వార్తలో ఒక్క వాక్యం రాయమనండి.

భవదీయుడు,
కౌన్సిల్ విభాగం విశ్రాంత ఉద్యోగి