కరగని యానోడ్లు, అందని జవాబు: ఒక ఉక్కు పడవ యజమాని ఫిర్యాదు లేఖ

వినియోగదారుల సేవా విభాగం ప్రధానాధికారి గారికి,

విషయం: మీ సంస్థ నుంచి కొన్న జింక్ యానోడ్లు పనిచేయకపోవడం, దానిపై నేను చేసిన ఫిర్యాదులను విచారణ లేకుండా మూసివేయడం గురించి.

అయ్యా,

మా ఉక్కు పడవ అడుగుకు, తాము కరిగి ఉక్కును తుప్పు నుంచి కాపాడాల్సిన మీ జింక్ యానోడ్లు, మీ ఎపాక్సీ పూత రెండూ వాడాము. ఈసారి పడవను ఒడ్డుకెక్కించినప్పుడు వెనుక భాగంలో, చుక్కాని చుట్టుపక్కల, వెల్డింగ్ అతుకుల వెంబడి తుప్పు గుంటలు కనబడ్డాయి. వాటిలో కొన్నింటిలో చిటికెన వేలి కొస దిగుతోంది. సముద్రంలో తిరిగే పడవకు తుప్పు పట్టడం వింతేమీ కాదు కాబట్టి కేవలం ఆ నష్టం గురించే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాను. అడిగిన ప్రతిసారీ మీ మనుషులు నన్ను ఒక విభాగం నుంచి మరో విభాగానికి తిప్పి, చివరికి నేను అడిగిన ప్రశ్నను ఎవరూ చదవకుండానే ‘సమస్య పరిష్కరించబడినది’ అని నా ఫోనుకు సందేశం పంపారు. నన్ను ఈ ఉత్తరం రాయించింది ఆ సందేశమే.

నేను మొదట ఫోన్ చేసినప్పుడు మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే విని, ఫొటోలు పంపమన్నది. పంపాను. తరువాత ఫోన్ చేసిన మరొకరు అవే ఫొటోలు మళ్ళీ అడిగారు. అవి పాత ఫిర్యాదు సంఖ్య కింద ఉన్నాయని చెబితే, ఆ సంఖ్య తనకు కనబడటం లేదని, కొత్త సంఖ్య తీసుకోవాలని అన్నారు. కొత్త సంఖ్య తీసుకున్నాక యానోడ్ల విభాగానికి కలిపారు. అక్కడివారు ఫొటోలు చూసి, “యానోడ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి, మా సరుకులో లోపం లేదు, తుప్పు పట్టిందంటే పూత దెబ్బతిన్నట్టే” అని పూతల విభాగానికి పంపారు. పూతల విభాగంవారు, “గీతలు పడినచోట ఉక్కును కాపాడాల్సింది యానోడ్, కాబట్టి ఇది యానోడ్ల విభాగం విషయం” అని తిప్పి పంపారు. ఆ రెండు విభాగాలూ మీ సంస్థవే. రెండింటి బిల్లుల మీదా మీ ముద్రే ఉంది. వారిద్దరినీ ఒకే ఫోన్లో కూర్చోబెట్టండని బతిమాలాను. అందుకు వీలులేదన్నారు.

ఈ ఇద్దరిలో పూతల విభాగం చెప్పిన మాటలో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను. ఎంత మంచి పూతైనా పడవ అడుగున నూటికి నూరుపాళ్ళు నిలవదు. లంగరు గొలుసు రాసుకుంటుంది, తేలే దుంగలు తగులుతాయి, వెల్డింగ్ అతుకు మీద పూత పలచబడుతుంది. ఆ చిన్న చిన్న చోట్ల ఉప్పునీరు నేరుగా ఉక్కుకు తగులుతుంది. పైగా మా పడవకు కంచు ప్రొపెల్లర్ ఉంది. ఉప్పునీటిలో ఉక్కు, కంచు కలిసి ఉంటే ఉక్కే తినబడుతుంది. అందుకే ఉక్కు కన్నా త్వరగా కరిగే జింక్‌ను పడవకు బిగిస్తారు. అది తాను కరుగుతూ ఉక్కుకు విద్యుత్తు అందిస్తుంది, ఆ విద్యుత్తు అందినంతకాలం ఉక్కు కరగదు. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకల రాగి రేకులను కాపాడటానికి ఇనుము, జింక్ ముక్కలు తగిలించమని చెప్పినది ఈ సూత్రం మీదనే. అప్పటి నుంచి ఈ పనికి గుర్తు ఒక్కటే: పనిచేసిన యానోడ్ అరుగుతుంది. సగానికి అరిగితే మార్చమని మీరు అచ్చువేసిన కాగితంలోనే ఉంది.

అలాంటప్పుడు మీ యానోడ్ల విభాగంవారు ‘చెక్కుచెదరలేదు’ అన్న మాటను సరుకు బాగుందనడానికి సాక్ష్యంగా ఎలా చూపిస్తారు? నేను పంపిన ఫిర్యాదులోని మొదటి వాక్యమే ‘యానోడ్లు అరగలేదు’ అన్నది. నా ఆరోపణనే నాకు సమాధానంగా తిప్పి చెప్పి ఫైలు మూసేశారు.

పది కిలోల యానోడ్‌ను విప్పి కాటా మీద పెట్టాము. ఏడాది పైగా నీటిలో ఉన్నా అది దాదాపు పది కిలోలే తూగింది. కిలో జింక్ పూర్తిగా కరిగితే సుమారు 780 ఆంపియర్ అవర్ల విద్యుత్తు వస్తుంది. ఆ యానోడ్ సగటున అర ఆంపియర్ మాత్రమే ఇచ్చిందనుకున్నా ఏడాదికి అయిదున్నర కిలోలకు పైగా కరిగి ఉండాలి. బరువు తగ్గలేదంటే విద్యుత్తు ఇవ్వలేదనే అర్థం. ఈ లెక్కను కాగితం మీద వేసి మీకు పంపాను. అందినట్టు కూడా ఎవరూ రాయలేదు.

చాలా ఒత్తిడి చేశాక మీరు ఒక సాంకేతిక ఉద్యోగిని పంపారు. ఆయన పడవ ఒడ్డు మీద ఉండగా వచ్చారు. యానోడ్ మీద అరచేతితో రాసి, రెండుసార్లు తట్టి, ఒక ఫొటో తీసుకొని, “గట్టిగా ఉంది సార్” అన్నారు. మీటరు తెచ్చారా అని అడిగాను. తేలేదు. నీటిలో ఉక్కు వోల్టేజీని పోల్చి కొలవడానికి వాడే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ ఉందా అని అడిగితే అది తమ పర్యటన జాబితాలో లేదన్నారు. నీటిలో పనిచేయాల్సిన వస్తువును గాలిలో తట్టి చూసి తేల్చగలిగేది ఏమీ లేదు. ఆయన మీద నాకు కోపం లేదు, పరికరం ఇవ్వకుండా పంపినవారి మీదే నా కోపం. ఆయన వెళ్ళిన సాయంత్రమే ‘పరిష్కరించబడినది’ అన్న సందేశం వచ్చింది.

మీరు చేయని పరీక్షను నేనే చేయించాను. యానోడ్ అరగకపోవడానికి సరుకు లోపమే కారణమని ముందుగా అనుకోకూడదు. దానిమీద రంగు వేసినా అరగదు, పడవతో లోహ సంబంధం తెగినా అరగదు, మంచినీటిలో ఎక్కువకాలం ఉంటే జింక్ మీద గట్టి పొర కట్టి మొద్దుబారుతుంది. మా పడవ ఎప్పుడూ ఉప్పునీటిలోనే ఉంటుంది. యానోడ్ల మీద రంగు చుక్క కూడా లేదు. వాటి ఉక్కు పట్టీలను పడవకు వెల్డింగ్ చేశారు. పట్టీ పక్కన జింక్‌ను గీకి, అక్కడి నుంచి శుభ్రం చేసిన ఉక్కు వరకు మీటరు పెడితే నిరోధం దాదాపు సున్నా చూపింది.

తరువాత పడవను నీటిలోకి దించి, వెండి–వెండి క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ను చుక్కాని పక్కన వేలాడదీసి కొలిపించాను. కాపుదల లేని ఉక్కు సముద్రపు నీటిలో ఈ ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే సుమారు మైనస్ 0.60 నుంచి 0.65 వోల్టుల మధ్య ఉంటుంది. కాపుదల అందుతున్నదని చెప్పాలంటే కనీసం మైనస్ 0.80కి చేరాలి. బాగా పనిచేసే జింక్ మైనస్ 1.03 దగ్గర ఉంటుంది. మీ యానోడ్లన్నీ బిగించి ఉండగా మా చుక్కాని దగ్గర మైనస్ 0.63 వచ్చింది. అంటే అసలు యానోడే లేని పడవకు వచ్చే అంకె వచ్చింది. అప్పుడు వేరే తయారీదారు జింక్ యానోడ్ ఒకదాన్ని కేబుల్‌తో పడవ ఉక్కుకు బిగించి, వెనుక వైపు నీటిలోకి దించాము. కొన్నాళ్ళలో అదే చోట అంకె మైనస్ 0.84కి చేరింది. దాన్ని తీసేశాక మళ్ళీ వెనక్కి జారింది. పైకి తీసిన ఆ కొత్త యానోడ్ మీద తెల్లటి మెత్తని పొడి ఉంది, బ్రష్‌తో రుద్దితే కింద గరుకుగా తినబడిన మెరిసే లోహం కనబడింది. మీదాని మీద మాత్రం బూడిదరంగు గట్టి పొర ఉంది. బ్రష్‌కు రాలేదు, ఉలితో కొడితే పెచ్చుగా లేచింది.

జింక్‌లో ఇనుము కలుషితంగా చేరితే ఇలాంటి పొర కట్టి యానోడ్ మొద్దుబారుతుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. అందుకే అమెరికా సైనిక ప్రమాణం MIL-A-18001 ఇనుము 0.005 శాతానికి మించకూడదని హద్దు పెట్టింది. మీ యానోడ్ల పెట్టె మీద కూడా ఆ ప్రమాణం పేరే అచ్చయింది. కాబట్టి నేను అడుగుతున్న కాగితం మీ దగ్గర ఉండి తీరాలి: యానోడ్ మీద పోతపోసిన బ్యాచ్ సంఖ్యకు సంబంధించిన రసాయన విశ్లేషణ పత్రం. దాన్ని మొదటి రోజు నుంచీ అడుగుతున్నాను. ఒకరు అది నాణ్యతా విభాగం దగ్గర ఉంటుందన్నారు, నాణ్యతా విభాగం వినియోగదారులతో నేరుగా మాట్లాడదని మరొకరు అన్నారు. ఇంకొకరు, అది ‘అంతర్గత పత్రం’ అన్నారు. పెట్టె మీద ప్రమాణం పేరు వేసి అమ్మినప్పుడు అంతర్గతం కానిది, కొన్నవాడు రుజువు అడిగేసరికి ఎలా అంతర్గతమైంది?

మా నాన్నగారి కాలం నుంచి మా పడవలకు మీ యానోడ్లే వాడుతున్నాము. పక్క కంపెనీవారు తక్కువ ధరకు ఇస్తామన్నా మారలేదు. తోటి పడవల వాళ్ళకు మీ పేరే చెప్పాను, నా మాట విని కొన్నవారూ ఉన్నారు. వారి పడవల కింద ఇదే బ్యాచ్ ఉంటే వారికి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. యానోడ్ పైకి కొత్తదానిలా ఉంటుంది కాబట్టి వారికి అనుమానమే రాదు, ఒడ్డుకెక్కించి ‘ఇంకా బాగానే ఉందిలే’ అని తిరిగి నీటిలోకి దించుతారు. ఈలోగా వారి చుక్కాని కింద రేకు పలచబడుతూ ఉంటుంది. ఒక సరంగు, అతని మనుషులు ఆ రేకు మీద ప్రాణాలు పెట్టుకొని సముద్రం మీదికి వెళుతున్నారని మీ ఫోన్ల దగ్గర కూర్చున్నవారికి ఎవరైనా చెప్పారా?

కాబట్టి ఆ విశ్లేషణ పత్రాన్ని నాకు పంపండి. లేదా నేను భద్రపరచిన యానోడ్‌ను ఇద్దరమూ ఒప్పుకున్న ప్రయోగశాలలో, మీ మనిషి సమక్షంలోనే కోయించి పరీక్షించండి. లోపం తేలితే యానోడ్లు మార్చడంతో సరిపోదు. గుంటలు పడిన రేకును మందం కొలిచి, పలచబడినచోట మార్చి, లవణం లేకుండా కడిగి, ఇసుకతో శుభ్రంగా కొట్టి, తిరిగి పూత వేయించే ఖర్చు కూడా మీరే భరించాలి. ఆ బ్యాచ్ కొన్న ప్రతివారికీ రాతపూర్వకంగా తెలియజేయాలి. అన్నిటికన్నా ముందు, యానోడ్ల విభాగానికీ పూతల విభాగానికీ కలిపి బాధ్యత వహించే ఒక అధికారి తన సంతకంతో నాకు జవాబు రాయాలి. మళ్ళీ ఫొటోలు అడిగే ఫోనుకు నేను సమాధానం చెప్పను.

ఈ నెలాఖరులోగా ఆ జవాబు రాకపోతే, తూకం ఫొటోలు, మీటరు అంకెలు, మీరు పంపిన సందేశాలు అన్నీ జతచేసి వినియోగదారుల న్యాయస్థానానికి వెళతాను. పడవకు బీమా చేసిన సంస్థకూ ఇవే కాగితాలు ఇస్తాను. నేను ఎవరెవరికి మీ పేరు చెప్పానో వారందరికీ మీటరు, ఎలక్ట్రోడ్ తీసుకెళ్ళి వారి పడవల దగ్గర కొలిచి చూపిస్తాను.

మీరు ‘పరిష్కరించబడినది’ అని మూసిన రెండు ఫిర్యాదుల సంఖ్యలనూ, యానోడ్ బ్యాచ్ సంఖ్య కనబడే ఫొటోనూ దీనితో జతచేస్తున్నాను.

ఇట్లు,
ఒక ఉక్కు పడవ యజమాని