రవికి, విశాఖపట్నం నుంచి అమ్మ

చిరంజీవి రవికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అంతా కులాసా. చెల్లికి డాక్టరమ్మ ఇంకో రెండు వారాలు అంది. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి 19 రోజులు. లెక్కపెట్టుకుని కూర్చున్నాననుకోకు, చెల్లి మాత్రల కోసం క్యాలెండర్ మీద టిక్కులు పెడుతుంటే కనబడింది, అంతే. అడ్మిషన్ల రోజులు కదా, తీరిక ఉండదులే. బీపీ మాత్ర మాత్రం పొద్దున్నే వేసుకో. ఒంటిపూట బడని కాఫీతో సరిపెట్టి పరిగెడతావు, నాకు తెలుసు.

మొన్న పద్మక్క ఫోన్ చేసింది. వాళ్ళ ఊరగాయల సంగతీ, మరిది ఆపరేషన్ సంగతీ చెప్పి, పెట్టేసేముందు "వేల్పూరు బస్సు సంగతి సర్దుకుందా వదినా?" అంది. ఏ బస్సు, ఏం సంగతి అని అడగలేదు. తెలిసినట్టే "ఆ, సర్దుకుంది" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సరే, ఆ సంగతి అడగడానికి రాయడం లేదులే.

మన బడికి హైదరాబాద్ నుంచి బ్రాండింగ్ ఆయన్ని పిలిపించావని విన్నాను. మంచిదే. గేటు దగ్గర ఫ్లెక్సీ ఫోటో చెల్లి చూపించింది. "అడ్మిషన్ ఉత్సవం, ఫీజులో 30 శాతం తగ్గింపు" అని ఎర్రక్షరాలు. పక్కన 600కి వచ్చిన మార్కులతో ముగ్గురు పిల్లలు. అందులో చివరి అమ్మాయి ఏడో తరగతితోనే మన దగ్గర మానేసింది కదరా. ఆ పిల్ల అమ్మమ్మ మన వీధిలోనే ఉంది, రోజూ ఆ గేటు ముందునుంచే గుడికి వెళ్తుంది. ముందు ఆ ఫోటో తీసేయించు.

నీకు పాఠం చెప్పాలని కాదు. కానీ 22 ఏళ్ళు ఆ ఫీజు కౌంటర్లో కూర్చున్నదాన్ని. తగ్గింపు అంటే ఏమిటో ఒక్కసారి కాగితం మీద వేసి చూడు. మన ప్రైమరీ ఫీజు 34,000. అందులో 30 శాతమంటే 10,200. కొత్తగా 40 మంది వచ్చారనుకో, 4,08,000 వదులుకున్నట్టు. ఇంతవరకూ ఆ హైదరాబాద్ ఆయనా చెప్పే ఉంటాడు. పాతవాళ్ళు 460 మంది ఉన్నారు, వాళ్ళ లెక్క చెప్పాడా? అందులో ఐదో వంతు వచ్చి "మాకెందుకు లేదు" అని అడిగితే 92 మంది. వాళ్ళకీ ఇస్తే ఇంకో 9,38,400. ఇవ్వకపోతే ఏమవుతుందో నీకు తెలియదు, అప్పటికి నువ్వు హాస్టల్లో ఉన్నావు.

అది 2009 జూన్. సుబ్బారావు మావయ్య ఎవరినో వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్ద కుటుంబం, ఊళ్ళో మాట చెల్లేవాళ్ళు. మావయ్య మాట కొట్టేయలేక నాన్నగారు ఎల్‌కేజీ ఫీజులో 1,500 తగ్గించారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఎవరికీ చెప్పొద్దన్న మాట ఎక్కడికి పోతుంది? సాయంత్రానికి పూలకొట్టు దగ్గరికి పోయింది. రెండు రోజులాగి టైలర్ గారి భార్య వచ్చింది. వాళ్ళకి ఇద్దరు పిల్లలు, ఒక్క టర్మూ ఆలస్యం చేసినవాళ్ళు కాదు. పది రూపాయల నోట్లు, ఇరవై రూపాయల నోట్లు రబ్బరుబ్యాండు వేసి తెచ్చింది. మొత్తం కట్టింది, రసీదు తీసుకుంది, మడిచి జాకెట్లో పెట్టుకుంది. అప్పుడు అడిగింది: "మేడం గారూ, మా తరఫున చెప్పేవాళ్ళు లేరనే కదండీ?"

నా నోట మాట రాలేదు. సాయంత్రం నాన్నగారు 1,500 కవర్లో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. ఆవిడ కాఫీ ఇచ్చింది, కవర్ తీసుకోలేదు. "డబ్బు గురించి కాదండీ, మీరు అందరికీ ఒకటే అనుకున్నాం" అందిట. ఆ పిల్లలు ఆ ఏడాది మన దగ్గరే చదివారు. మరుసటేడు టీసీ అడిగారు. వాళ్ళతోపాటు ఆ వీధిలో ఇంకో ఆరు కుటుంబాలు. వాళ్ళు మనకంటే చవక బడికి వెళ్ళలేదురా, మనకంటే 2,000 ఎక్కువ తీసుకునే చోటికి వెళ్ళారు. టీసీలు రాసిందాన్ని నేనే. ఆ వేసవిలోనే నాన్నగారు పెయింటర్‌ని పిలిచి ఆఫీసు గోడమీద తరగతివారీగా ఫీజు రాయించారు. పుస్తకాలెంత, బస్సెంత, రెండో బిడ్డకి తగ్గింపెంత, ఏడాది మధ్యలో ఇంకేమీ అడగం అని కూడా. మావయ్య ఆర్నెల్లు మనింటికి రాలేదు. మొన్న సున్నాలప్పుడు ఆ గోడ మీద పులి బొమ్మ వేయించావట. పులి బాగానే ఉండి ఉంటుంది.

నిజంగా కట్టలేనివాళ్ళు ఉంటారు, కాదనను. వాళ్ళకి వాయిదాలివ్వు, కాగితం మీద రాసి ఇవ్వు. 18,000కి చెప్పే పక్కవీధి బడితో మాత్రం పోటీకి దిగకు. ఇవాళ నువ్వు 24,000 అంటే రేపు వాళ్ళు 16,000 అంటారు. ఆ తేడా నువ్వు టీచర్ల జీతాల్లోంచి తీస్తావు. విజయ మేడం వెళ్ళిపోతుంది. ఆవిడ కోసం రెండో తరగతిలో చేర్చినవాళ్ళు ఆవిడ వెనకే వెళ్తారు. ఆవిణ్ణి ఈ ఎండల్లో పాంప్లెట్లు పట్టుకుని ఇంటింటికీ తిప్పుతున్నావని కూడా విన్నాను. మీ పిల్లవాణ్ణి మా బళ్ళో వేయండి అని గుమ్మంలో నిలబడి బతిమాలిన మనిషి, ఆగస్టులో ఆ తల్లినే కూర్చోబెట్టి "మీవాడికి చదవడం రావడం లేదమ్మా" అని ఎలా చెబుతుంది?

బీరువా కింద అరలో నా నీలం అట్ట నోటుపుస్తకం ఉంది, తీసి చూడు. అప్లికేషన్ ఇచ్చేటప్పుడు "మన బడి గురించి ఎవరు చెప్పారండీ" అని అడిగి రాసేదాన్ని. పోయినేడు చేరినవాళ్ళు 61 మంది. పిల్లల తల్లిదండ్రులు చెబితే వచ్చినవాళ్ళు 38, అన్నో అక్కో ఇక్కడే చదువుతున్నవాళ్ళు 11. ఫ్లెక్సీ, పాంప్లెట్ చూసి వచ్చినవాళ్ళు 7. మిగతా 5 బదిలీ మీద ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు. అంటే 49 మందిని తెచ్చింది బస్టాపు దగ్గర నిలబడే అమ్మలే. ఎల్‌కేజీలో వేసిన పిల్ల పదో తరగతి దాకా ఉంటే 12 ఏళ్ళు. ఆ హైదరాబాద్ ఆయన ఈ అమ్మల్లో ఎంతమందితో మాట్లాడాడు?

బస్టాపు అంటే గుర్తొచ్చింది. వేల్పూరు బస్సు.

పద్మక్కని మళ్ళీ నేనే అడిగాలే. యూకేజీ బాబు వెనక సీట్లో నిద్రపోయాడట, 7:40కి అందరూ దిగారు, బస్సు షెడ్డులో పెట్టేశారు, 8:50కి వాడి ఏడుపు విని వాచ్‌మన్ తీశాడట. ఈ ఎండల్లో! ఒంటిపూట బడి రోజుల్లో ఆరింటికే లేపి ఎక్కిస్తారు, చిన్నపిల్లలు నిద్రపోక ఏం చేస్తారు? ఆయా ఆరోజు సెలవు పెట్టిందట. డ్రైవర్ సత్తిబాబు ఒక్కడే దించాడట. వాణ్ణి తిట్టి లాభం లేదు. క్లాసులో బాబుకి ఆబ్సెంట్ వేశారు, బస్సు లిస్టులో ఎక్కినట్టు ఉంది. ఆ రెండు కాగితాలూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. తప్పు అక్కడ జరిగింది.

దానికి నువ్వేం చేశావో తెలియదు. ఆ తల్లికి సంగతి వాట్సాప్ గ్రూపులో తెలిసిందని మాత్రం విన్నాను. వారం తిరక్కుండా 30 శాతం ఫ్లెక్సీ లేచింది. నీ మనసులో రెండింటికీ సంబంధం లేకపోవచ్చు. చూసినవాళ్ళు మాత్రం "భయపడి రేటు తగ్గించారు" అంటారు. పద్మక్క అననే అంది. తప్పు జరిగిన వారంలో ధర తగ్గిస్తే ఆ తప్పుకి నువ్వే వెల కట్టినట్టు.

ఊయల మీంచి పడి చెయ్యి విరిగిన పిల్లాణ్ణి ఆస్పత్రిలో దించి, నాన్నగారు నేరుగా వాళ్ళ పొలానికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళారు, కబురు వేరేవాళ్ళ నోట వినకూడదని. ఆ పిల్లాడి తమ్ముళ్ళిద్దరూ మన దగ్గరే పదో తరగతి పూర్తి చేశారు.

నువ్వూ ముందు వాళ్ళింటికి వెళ్ళు. ఒక్కడివే వెళ్ళు, స్వీట్లు పట్టుకెళ్ళకు. తర్వాత ఆ బస్సు పిల్లల తల్లిదండ్రులందరికీ, ఆ తర్వాత 460 మందికీ ఒకే కాగితం పంపు. బాబు పేరు రాయకు. ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎక్కడ తప్పింది, రేపటినుంచి ఏం మారుతుంది, ఎవరి నంబరుకి ఫోన్ చెయ్యాలి, అంతే రాయి. "సాంకేతిక కారణాల వల్ల" అని మాత్రం రాయకు, చదివినవాళ్ళు నవ్వుతారు.

మారేది కూడా చిన్నదే. దించాక డ్రైవరో ఆయానో చివరి సీటు దాకా నడిచి వెళ్ళి, వెనక అద్దానికి "బస్సు ఖాళీ" అనే అట్ట తగిలించాలి. అట్ట లేకుండా బస్సు షెడ్డులోకి పోకూడదు. ఆయా రాని రోజు ఇంకొకరు ఎక్కాలి, లేకపోతే ఆ బస్సు కదలకూడదు. 8:15కి హాజరు పట్టీ, బస్సు లిస్టు పక్కపక్కన పెట్టి చూడాలి, 8:30లోపు రాని ప్రతి పిల్ల ఇంటికీ ఫోన్ వెళ్ళాలి. జూన్ 12న బడి తెరిచాక ఇది 9:30 అవుతుంది, అంతే తేడా. ఫోన్లు ఎవరు చేస్తారో పేరుతో రాసి పెట్టు. ఆ మనిషి సెలవు పెడితే ఎవరో కూడా. చేస్తామని చెప్పి మూడు రోజులు మానేస్తే అసలు చెప్పకపోవడమే మేలు. సెల్‌ఫోన్లో లైవ్ కెమెరా చూపిస్తానని ఆ హైదరాబాద్ ఆయన అంటున్నాడట. ఈ ఫోన్ సరిగ్గా వెళ్తే కెమెరా అడిగేవాళ్ళు తగ్గుతారు.

ఇదంతా చేస్తే ఈ ఏడాదే సీట్లు నిండుతాయని అనను. కొందరు వెళ్ళిపోతారు. కొత్త బస్సు లోను ఈఎంఐ నెలనెలా కట్టాలని నాకు తెలుసు. నా గాజులు లాకర్లోనే ఉన్నాయి, తాళం ఎక్కడుందో నీకు తెలుసు. నాకోసం దాచొద్దు. ఫ్లెక్సీ మాత్రం ఈ రాత్రికే దించు.

ఆవకాయ రెండు జాడీలు పెట్టాను, శ్రీను తణుకు వస్తుంటే ఇచ్చి పంపుతున్నాను. పెద్దది నీకు, చిన్నది విజయ మేడం గారికి. ఆవిడకి వెల్లుల్లి వేయనిదే ఇవ్వు, మార్చేయకు. రాత్రిళ్ళు పెరుగన్నమైనా తిను.

ఆ బాబు మళ్ళీ బస్సెక్కుతున్నాడా? ఫోన్ చెయ్యకపోయినా సరే, అదొక్కటి చెప్పు.

మీ అమ్మ